క్రాస్‌మ్యాచ్ ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు
(నర్సింగ్ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"గ్రూపు తెలిసిపోయింది కదండీ, బ్యాగు ఇవ్వడానికి ఇంకా గంట ఎందుకు?" రేపు వార్డులోకి వెళ్ళాక మీరు తరచూ వినే ప్రశ్న ఇది. రోగి తాలూకు వాళ్ళు కంగారులో అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. అది చెప్పడానికే వచ్చాను.

మన ఎర్ర రక్తకణాల పైపొర మీద కొన్ని చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయి. ముందు హెచ్ అనే పదార్థం తయారవుతుంది. దాని చివర ఒక రకం చక్కెర చేరితే ఎ గ్రూపు, మరో రకం చేరితే బి గ్రూపు, రెండూ ఉంటే ఎబి. ఏదీ చేరక హెచ్ అలాగే మిగిలిపోతే ఓ గ్రూపు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన ప్రయోగశాలలో పనిచేసేవారి రక్తాలనే ఒకదానితో ఒకటి కలిపి చూసి మనుషుల రక్తం అంతా ఒకటి కాదని తేల్చాడు.

మనలో లేని చక్కెర మీదికి మన ప్లాస్మాలో యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. ఇదే ప్రాణాంతకమైన విషయం. వీటికోసం రక్తం ఎక్కించుకుని ఉండక్కర్లేదు. పేగుల్లోని సూక్ష్మజీవుల మీద కూడా ఇలాంటి చక్కెరలే ఉంటాయి కాబట్టి, పుట్టిన కొన్ని నెలలకే బిడ్డ ఒంట్లో ఇవి తయారవడం మొదలవుతుంది. అంటే ఓ గ్రూపు మనిషికి జీవితంలో మొట్టమొదటిసారి ఎ రక్తం ఎక్కించినా, ఆ మొదటిసారే ప్రమాదం.

ఆర్‌హెచ్ అలా కాదు. డి అనే ప్రోటీను కణం మీద ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. నెగెటివ్ వాళ్ళకు డి మీద యాంటీబాడీ పుట్టుకతో రాదు. పాజిటివ్ రక్తం ఎక్కినప్పుడో, పాజిటివ్ బిడ్డను మోసి కన్నప్పుడో తయారవుతుంది. అందుకే నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తాం. ఒకసారి యాంటీబాడీ తయారయ్యాక ఆ ఇంజెక్షన్ దాన్ని వెనక్కి తీసుకుపోలేదు. కాన్పుల వార్డులో పనిచేసేవారు ఈ గడువును చాలా గట్టిగా పట్టుకోవాలి.

ఇప్పుడు గంట సంగతి. బ్లడ్ బ్యాంకులో మొదట గ్రూపింగ్ రెండు వైపుల నుంచీ చేస్తారు. రోగి కణాలను యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి మందులతో కలిపి, ఎక్కడ కణాలు ముద్దకట్టాయో చూస్తారు. తర్వాత రోగి ప్లాస్మాను, గ్రూపు తెలిసిన ఎ, బి కణాలతో కలుపుతారు. రెండు ఫలితాలూ ఒకే మాట చెప్పాలి. ఆ తర్వాతే క్రాస్‌మ్యాచ్: ఈ రోగి ప్లాస్మాలో ఈ బ్యాగు తాలూకు కణాలు. కలిపి తిప్పగానే ముద్దకడితే ఎబిఓ తేడా బయటపడుతుంది. ముద్దకట్టకపోయినా అక్కడితో ఆపరు. ఒంటి వేడి, అంటే 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, కడిగి, కూంబ్స్ సీరం వేసి మళ్ళీ చూస్తారు. పాత కాన్పుల వల్లో, పాత రక్తమార్పిడి వల్లో వచ్చిన యాంటీబాడీలు కణానికి అంటుకుంటాయి కానీ తమంతట తాము ముద్దకట్టించలేవు. అవి దొరికేది ఇక్కడే. ఆలస్యం అనుకునే సమయంలో ఎక్కువ భాగం దీనికే పోతుంది.

గ్రూపింగ్‌కు అందనిది క్రాస్‌మ్యాచ్‌కు ఎలా దొరుకుతుందో ఒక కేసు ఊహించి చూద్దాం. కాన్పు తర్వాత రక్తస్రావమవుతున్న తల్లి. కార్డు మీద ఓ పాజిటివ్. ఆమె కణాలు యాంటీ-ఎతో గానీ యాంటీ-బితో గానీ ముద్దకట్టలేదు. ఆమె ప్లాస్మా ఎ, బి కణాలు రెండింటినీ ముద్దకట్టించింది. రెండు వైపులా ఓ అనే వచ్చింది. కానీ ఏ ఓ బ్యాగు తీసి క్రాస్‌మ్యాచ్ చేసినా, తిప్పగానే పెద్ద ముద్ద! అప్పుడు టెక్నీషియన్ ఆమె కణాలను యాంటీ-హెచ్‌తో పరీక్షిస్తాడు. స్పందన ఉండదు. ఆమె కణాల మీద హెచ్ కూడా లేదన్నమాట. పైగా ఆమె ప్లాస్మాలో హెచ్ మీద యాంటీబాడీ ఉంది. ఓ కణాల మీద అందరికంటే ఎక్కువగా ఉండేది హెచ్చే. అంటే అందరికీ పనికొస్తుందనుకునే ఓ రక్తమే ఆమెను చంపగలదు. 1952లో డాక్టర్ భెండే, ఆయన సహచరులు మొదట గుర్తించిన బాంబే గ్రూపు ఇదే. ఈమెకు బాంబే రక్తమే ఎక్కించాలి. వెతకాల్సింది ముందు అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ముల్లో. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపపు జన్యువును ఒక్కొక్కటి మోస్తూ మామూలు గ్రూపు వాళ్ళయితే, ఒక్కొక్క బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటి జన్యువులు కలిసే వీలు మరింత ఎక్కువ.

ఇంత పదునైన పరీక్ష కూడా గుడ్డిదయ్యే చోటు ఒకటుంది. అది మీ చేతిలోనే ఉంది.

ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములున్నారనుకోండి. ఏడో మంచం లక్ష్మి ఓ గ్రూపు, తొమ్మిదో మంచం లక్ష్మి ఎ గ్రూపు. రక్తం కావలసింది ఏడో మంచానికి. శాంపిల్ తీయడానికి వెళ్ళిన అమ్మాయి "లక్ష్మి గారేనా?" అని అడిగింది. తొమ్మిదో మంచం ఆవిడ తల ఊపింది. ట్యూబు మీద మాత్రం ఏడో మంచం నంబరు ఎక్కింది. బ్లడ్ బ్యాంకులో ఆ ట్యూబు ఎ అని తేలుతుంది. ఎ బ్యాగుతో క్రాస్‌మ్యాచ్ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే ట్యూబులో ఉన్నది నిజంగానే ఎ మనిషి రక్తం. సరిపోయిందన్న చీటీతో బ్యాగు ఏడో మంచానికి చేరుతుంది. పరీక్షలో తప్పు లేదు, మనిషి మారింది. అందుకే "మీ పేరేమిటమ్మా?" అని అడిగి, పేరు ఆమె నోటే చెప్పించాలి. ట్యూబు మీద పేరు, నంబరు మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే రాయాలి. ముందే రాసిపెట్టిన ట్యూబులు పట్టుకుని రౌండుకు వెళ్ళకండి. పాత రికార్డు లేని రోగికి గ్రూపు కోసం వేరే సమయంలో రెండో శాంపిల్ తీయమంటే విసుక్కోకండి. ఈ తప్పు బయటపడేది దానివల్లే. బ్యాగు వచ్చాక మంచం దగ్గర ఇద్దరు కలిసి మళ్ళీ సరిచూడాలి.

ఆ ఎ రక్తం ఏడో మంచం లక్ష్మికి ఎక్కడం మొదలైతే ఏమవుతుంది? యాంటీబాడీలు ఎ కణాలకు పట్టుకుంటాయి, కాంప్లిమెంట్ ప్రోటీన్లు వచ్చి కణానికి చిల్లులు పొడుస్తాయి, రక్తనాళంలోనే కణాలు పగిలిపోతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, గడ్డకట్టే పదార్థాలు ఖర్చయిపోయి సూది గుచ్చినచోటల్లా రక్తం కారుతుంది. దీనికి బ్యాగంతా ఎక్కనక్కర్లేదు. 30 మిల్లీలీటర్లు కూడా ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తూ పక్కనే ఉండమనేది ఇందుకే. చలి, వణుకు, జ్వరం, నడుం నొప్పి, సూది ఉన్న చేయి మంట, ఛాతీ బిగుసుకుపోవడం, "ఏదో అయిపోతున్నట్టుంది" అనే భయం: రోగి ఇందులో ఏది చెప్పినా తేలిగ్గా తీసుకోవద్దు. మత్తులో ఉన్న రోగి ఏమీ చెప్పలేడు. అక్కడ పడిపోయే బీపీ, ఆగని రక్తస్రావం, ట్యూబులో ఎర్రబడ్డ మూత్రం, ఇవే మీకు మిగిలిన ఆనవాళ్ళు.

అనుమానం వచ్చిన క్షణంలో రక్తం ఆపేయండి. డాక్టరు వచ్చేదాకా నెమ్మదిగా పోనిద్దాం అనుకోవద్దు. సూది తీయకండి, ఆ దారి మళ్ళీ దొరక్కపోవచ్చు. రక్తం సెట్టు మార్చి, కొత్త సెట్టుతో నార్మల్ సెలైన్ పెట్టండి. డాక్టరును పిలవండి. రోగి చేతి పట్టీ, బ్యాగు మీది చీటీ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా కనిపిస్తే బ్లడ్ బ్యాంకుకు వెంటనే ఫోన్ చేయండి, ఎందుకంటే ఈ రోగికి రావలసిన బ్యాగు అదే సమయంలో మరొకరికి ఎక్కుతూ ఉండొచ్చు. మిగిలిన రక్తంతో సహా బ్యాగు, దాని సెట్టు, రెండో చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్, ఆ తర్వాత వచ్చిన మొదటి మూత్రం, ఈ నాలుగూ బ్లడ్ బ్యాంకుకు పంపండి. ఖాళీ బ్యాగయినా చెత్తబుట్టలో వేయకండి.