తప్పుల పుస్తకంలో పడమర హద్దు

“అక్కా, లాయరు గారి ఆఫీసులో దస్తావేజుల ప్రూఫు చూస్తున్నాను. మూడుసార్లు చదివినా ఏదో ఒకటి జారిపోతోంది. తప్పుల పుస్తకం పెట్టుకోమన్నారు, పెట్టాను, నాలుగు నెలలుగా రాస్తున్నాను. అందులో అన్నీ వేరు వేరు తప్పులే ఉన్నాయి. దాంతో ఏం చెయ్యాలి?” రాజోలు నుంచి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న ఇది.

తమ్ముడూ, నీ పుస్తకంలో ఒక్కో వరుసలో ఏముందో నేను ఊహించగలను. తేదీ, తప్పు, ఒప్పు. “పడమర పుంత అని పడింది, సరిచేశాను.” అంతేనా? నా పుస్తకం కూడా మొదటి రెండు నెలలు అలాగే ఉండేది. అలా రాస్తే అన్నీ వేరు వేరు తప్పుల్లాగే కనిపిస్తాయి, ఎందుకంటే తప్పు ఎలా కనిపించిందో రాశాం గానీ ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు.

ఆ పడమర హద్దు సంగతే చెబుతాను. అది నా పుస్తకంలోదే.

ఒక రైతుకి ఎకరం ఇరవై సెంట్లు ఉంది. తూర్పున పంట బోదె, దక్షిణాన పక్క రైతు చేను, పడమర బండ్లు నడిచే పుంత, ఉత్తరాన ఇంకొకరి కొబ్బరి తోట. అందులో తూర్పు వైపు నలభై సెంట్లు అమ్ముతున్నాడు. లింకు దస్తావేజు, అంటే ఆ చేను పాత దస్తావేజు, ముందు పెట్టుకుని డ్రాఫ్టు తయారైంది. నేను ప్రూఫు చూశాను. మా జూనియర్ పాత దస్తావేజు పైకి చదువుతుంటే నేను కొత్తదానిలో వేలు పెట్టి టాలీ చేశాను. సర్వే నంబరు సరిపోయింది, పేర్లు సరిపోయాయి, నాలుగు హద్దులూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. తప్పు అక్కడే ఉంది. అవి ఎకరం ఇరవై సెంట్ల హద్దులు. నలభై సెంట్లకి పడమర పుంత ఎలా వస్తుంది? మధ్యలో అమ్మినాయన మిగులు భూమి ఎనభై సెంట్లు ఉంది కదా.

పట్టుకున్నది నేను కాదు, కొనేవాళ్ల అల్లుడు. సంతకాల రోజు పొద్దున కాగితం చదివి, “ఆయ్, మేడమ్, పుంత మాకు ఆనుకుని ఉందని రాశారేంటండీ? మేం చేలోకి ఎట్నుంచి వెళ్లాలి మరి?” అన్నాడు. ఆ మాటతో ఇంకో సంగతి బయటపడింది. పడమర హద్దు సరిచేస్తే నలభై సెంట్లకి దారే లేదు. మిగులు భూమిలోంచి నడక దారి, బండి దారి ఇస్తున్నట్టు వేరే పేరా రాయాలి, దాని వెడల్పు రాయాలి. అది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఒక్క మాట తప్పు వెనక ఒక బేరమే దాక్కుని ఉంది. పైగా విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గు చూపుతాయి. నలభై సెంట్లు అని రాసి హద్దులు మొత్తం చేనువి పెడితే రేపు ఎవరి మనవడు ఎవరి మీద కేసు వేస్తాడో చెప్పలేం.

ఆ రాత్రి పుస్తకంలో ఆ వరుస రాసేటప్పుడు రెండు గళ్లు కొత్తగా గీశాను. ఒకటి, “తప్పుడు మాట ఎక్కడి నుంచి వచ్చింది?” రెండోది, “నేను ఎందుకు దాటేశాను?” మొదటి గడిలో “లింకు దస్తావేజు నుంచి ఎత్తి రాసినది” అని రాశాను. రెండో గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. అజాగ్రత్త అని రాద్దామనుకున్నాను, కానీ అది అబద్ధం. ఆ రోజు నేను చాలా జాగ్రత్తగా చదివాను. చివరికి “పాతదానితో టాలీ చేశాను, టాలీ అయింది కాబట్టి దాటేశాను” అని రాశాను.

ఇక్కడ కొంచెం ఆగు. పాత కాగితంతో టాలీ చేస్తే టైపింగు తప్పు దొరుకుతుంది. పాత కాగితంలో ఒప్పుగా ఉండి, కొత్త కాగితంలో తప్పు అయ్యే మాట మాత్రం దొరకదు. ఆ మాటకి టాలీ పదిసార్లు చేస్తే పదిసార్లూ ఒప్పే అని ముద్ర పడుతుంది. నువ్వు మూడుసార్లు చదివినా జారిపోతోంది అన్నావు చూడు, మూడుసార్లూ ఒకే రకంగా చదివి ఉంటావు.

ఆ తర్వాత పాత వరుసలన్నిటికీ కూడా వెనక్కి వెళ్లి ఈ రెండు గళ్లూ నింపాను. గుర్తున్నంత వరకే అనుకో. మూడు నెలల్లో 41 దస్తావేజులు చూశాను, నా చెయ్యి దాటిపోయి ఇంకొకరు పట్టుకున్న తప్పులు 23. నేనే చదువుతూ పట్టుకుని దిద్దినవి ఇందులో లేవు. అవి రాయక్కర్లేదు, అవి పట్టుకోవడం నా పనే. పుస్తకం దాటిపోయిన వాటి కోసం. ఎవరు పట్టుకున్నారో కూడా రాయి. పార్టీయా, వకీలు గారా, బ్యాంకు లీగల్ ఒపీనియన్ వాళ్లా, రిజిస్ట్రారు ఆఫీసా. ఎంత దూరం వెళ్లాక దొరికిందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఆ 23లో పడమర హద్దు ఒకటి. ఇంకో దస్తావేజులో మా అమలాపురం దగ్గరి ఊరికి “తూర్పు గోదావరి జిల్లా” అని పడింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది కోనసీమ జిల్లా, కానీ లింకు దస్తావేజు అంతకుముందుది. మరోచోట అన్నదమ్ముల పంపకంలో వచ్చిన ఆస్తికి “స్వార్జితం” అని ఉంది, అది అంతకుముందు వారం చేసిన వేరే డ్రాఫ్టు మీద ఈ పార్టీ పేర్లు వేసినందువల్ల మిగిలిపోయిన మాట. ఒక ఆవిడకి భర్త పేరు ఉండాల్సినచోట తండ్రి పేరు ఉంది, ఎందుకంటే పాత కాగితం నాటికి ఆవిడకి పెళ్లి కాలేదు. హద్దు, జిల్లా, హక్కు, సంబంధం. పైకి చూస్తే నాలుగు రకాల తప్పులు. కారణం గడిలో చూస్తే నాలుగూ ఒకటే. 23లో తొమ్మిది ఇలా ఎత్తి రాసినవే తేలాయి. నేనేమో అప్పటిదాకా నాకు స్పెల్లింగు బలహీనం అనుకుని ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ కూర్చున్నాను. పేర్ల స్పెల్లింగు తప్పులు అయిదే ఉన్నాయి.

అందుకే రకాలు ముందే అచ్చు వేసుకుని పుస్తకం మొదలుపెట్టకు. ముందే గళ్లు పెట్టుకుంటే ప్రతి తప్పునీ వాటిలో ఏదో ఒకదానిలో కుక్కేస్తాం. ఇరవై, పాతిక వరుసలు పోగయ్యాక కారణాలు చదువుతూ పోతే అవే గుంపు కడతాయి.

ఇప్పుడు చదివే పద్ధతి మార్చాలి. నేను చేసింది ఇది. టాలీ అయ్యాక పాత దస్తావేజు మూసి సొరుగులో పెట్టేస్తాను. డ్రాఫ్టులోని షెడ్యూలు ఒక్కటే చూస్తూ, ఆ చేను మధ్యలో తూర్పు ముఖంగా నిలబడ్డట్టు అనుకుని తెల్ల కాగితం మీద బొమ్మ గీస్తాను. ఎదురుగా బోదె, కుడిచేతి వైపు దక్షిణం, వీపు వెనక పడమర. అమ్మేది మొత్తమా, ముక్కా అని మీద రాస్తాను. ముక్క అయితే కనీసం ఒక హద్దులో “అమ్మకందారు మిగులు భూమి” అని రావాలి. రాకపోతే ఆగిపోతాను. తర్వాత లోపలికి దారి ఎక్కడ అని బొమ్మ మీద బాణం గీస్తాను. బాణం గీయలేకపోతే దారి పేరా లేదన్నమాట. మొత్తం అయిదు నిమిషాల పని. మనుషుల గురించిన మాటలకి మాత్రం పాత కాగితం కాదు, వాళ్ల ఇప్పటి గుర్తింపు కార్డు చూస్తాను.

తర్వాతి మూడు నెలల్లో 44 దస్తావేజులు చూశాను. ఎత్తి రాసిన తప్పులు రెండు. ఎన్ని దస్తావేజులు చూశామో కూడా రాసుకోవాలి తమ్ముడూ, లేకపోతే సంక్రాంతి నెలలో పని తగ్గితే తప్పులు తగ్గాయని మురిసిపోతాం.

అంకెల తప్పులు మాత్రం తగ్గలేదు. ముందు ఆరు, తర్వాత ఏడు. వాటిలో ఒకటి పన్నెండు సెంట్లని గజాల్లోకి మార్చి 508.8 అని రాసినది. సెంటుకి 48.4 గజాలు, 580.8 రావాలి. అది మామూలు తారుమారు. మిగతా వాటికి కారణం గడి చదివితే ఇంకో సంగతి కనిపించింది. చాలా వరకు డ్రాఫ్టు అయిపోయాక బేరం మారినవి. ధర అంకెల్లో మార్చారు, “అక్షరాలా” అన్నచోట పాతదే ఉంది. లేదా పై పేరాలో మార్చారు, చెల్లింపుల వివరంలో మార్చలేదు. నేను చదివేసిన తర్వాత వచ్చిన మార్పులు ఇవి, ఇంకెంత బాగా చదివినా ఏం లాభం? ఇప్పుడు ఎవరు ఏ అంకె మార్చినా Ctrl+F కొట్టి పాత అంకెనీ, పాత అక్షరాల మాటనీ రెండింటినీ వెతికి, ఒక్కటి కూడా మిగల్లేదని చూశాకే ప్రింటు. ఇది మొదలుపెట్టి నెల కూడా కాలేదు, ఫలితం ఇప్పుడే చెప్పలేను.

పుస్తకంలో పార్టీల పేర్లు, ఆధార్ నంబర్లు రాయకు. నేను మా ఆఫీసు ఫైలు వరుస సంఖ్య ఒక్కటే రాస్తాను. పుస్తకం బల్ల మీదే పడి ఉంటుంది, వచ్చినవాళ్లంతా తిరగేస్తారు.

ఈ పుస్తకానికి తెలిసేది ఎవరో ఒకరు పట్టుకున్న తప్పులే. ఎవరూ పట్టుకోనివి అందులోకి రావు. అందుకని నెలకి రెండు పాత దస్తావేజులు తీసి, రిజిస్ట్రేషన్ అయిపోయినవే, ఇదే బొమ్మ పద్ధతిలో మళ్లీ చదువుతున్నాను. పోయిన నెల ఒకటి దొరికింది. దక్షిణానికీ ఉత్తరానికీ పేర్లు అటూ ఇటూ అయ్యాయి. దానికి సవరణ దస్తావేజు రాయాలి, రాసిచ్చినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. అమ్మిన ముగ్గురిలో ఒకాయన ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. వకీలు గారికి చెప్పడానికి రెండు రోజులు తటపటాయించి, చెప్పాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ కువైట్ ఆయన సెలవుకి ఎప్పుడొస్తాడో కనుక్కోమని నాకే అప్పజెప్పారు. పుస్తకంలో ఆ వరుస చివర “ఎవరు పట్టుకున్నారు” అన్న గడిలో మొదటిసారి నా పేరు రాసుకున్నాను.