అసలు ముట్టుకోవట్లేదు కదా!

అందరికీ నమస్కారం. రిటైరైన వాళ్లు నాతో తరచూ అనే మాట ఒకటుంది: "వడ్డీతోనే బతుకుతున్నామండీ, అసలు ముట్టుకోవట్లేదు." ఆ మాటనే ఈ సాయంత్రం లెక్క కట్టి చూద్దాం.

అరవై ఏళ్ల పెద్దాయన కోటి రూపాయలు 7 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారనుకోండి. పన్ను సంగతి కాసేపు పక్కన పెడదాం. ఏడాదికి 7 లక్షల వడ్డీ, 7 లక్షల ఖర్చు. మొదటి ఏడు అసలు చెక్కుచెదరదు. రెండో ఏడు ధరలు 6 శాతం పెరిగితే అదే ఇంటికి 7 లక్షల 42 వేలు కావాలి. లోటు 42 వేలు. కోటిలో 42 వేలు ఎవరి కంటికి ఆనుతుంది? అయిదేళ్లు గడిచినా 95 లక్షలుంటాయి, అందుకే టెన్షన్ ఉండదు. పన్నెండేళ్లకు మిగిలేది 57 లక్షలు, ఏడాది ఖర్చు 14 లక్షలు. డెబ్బై ఏడో పుట్టినరోజు లోపే డబ్బు అయిపోతుంది.

అదే ఆయన మొదటి ఏడు 4 లక్షలతో సరిపెట్టుకుని, ఏటా ధరలతో పాటే పెంచుకుంటూ పోతే తొంభై దాకా వస్తుంది.

ఈ 4 శాతం అన్న అంకెను 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ లెక్కగట్టారు. 1926 నుంచి అక్కడి షేర్లు, బాండ్ల రాబడి తీసుకుని, ఏ ఏడాది రిటైరైనా ముప్ఫై ఏళ్లు డబ్బు నిలుస్తుందా అని చూశారు. అందరికంటే ఎక్కువ చితికింది 1929 పతనం నాటివాళ్లు అనుకుంటాం. కాదు, 1960ల చివర్లో రిటైరైనవాళ్లు. మార్కెట్ దెబ్బ, ధరల మంట రెండూ మొదటి ఏళ్లలోనే తగిలాయి. పడిన ధరకు షేర్లు అమ్ముకుని తినేస్తే, తర్వాత మార్కెట్ లేచినా లేవడానికి మన దగ్గర షేర్లుండవు.

అది అమెరికా లెక్క, మనకు హామీ కాదు. పైన మన లెక్కలో రాబడి ధరలకంటే ఒక శాతం ఎక్కువ. పన్ను పోయి రెండూ సమానమైతే 4 శాతం చొప్పున సరిగ్గా 25 ఏళ్లే. భార్య అయిదేళ్లు చిన్నదైతే లెక్క ఆవిడ వయసుకు కట్టాలి, అందుకే నేను 3 నుంచి 3.5 శాతం అంటాను.

పింఛను ఉంటే ముందు తీసెయ్యండి. ఇంటి ఖర్చు నెలకు 50 వేలు, పింఛను 20 వేలు అయితే డిపాజిట్ నుంచి కావలసింది 30 వేలే, అంటే కోటికి ఏడాదికి 3.6 శాతం. నా లెక్కకు కొంచెం ఎక్కువే, కానీ సర్దుకోవచ్చు.

ఏటా ఏప్రిల్‌లో ఆ ఏడాది తీయబోయే మొత్తాన్ని మిగిలిన నిల్వతో భాగించండి. మన పెద్దాయనకు ఆరో ఏటికే 7 శాతం కాస్తా దాదాపు 10 అయింది, నిల్వ చూస్తేనేమో ఇంకా 95 లక్షలు! ఆ శాతం ఏటేటా ఎగబాకుతుంటే రెండేళ్లపాటు ఖర్చు పెంచకుండా ఆపండి. డెబ్బైలో అది కష్టమే, ఎనభైలో అయితే ఆపడానికి ఏమీ మిగలదు.