పదిహేను పైసల పెంపు

(శ్రీకాకుళంలో గిడుగు జయంతి నాడు అనువాదకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తోటి అనువాదకులకు, డిగ్రీ చదువుతూ ఈ పనిలోకి రావాలనుకుంటున్న పిల్లలకు నమస్కారం.

గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ హాలులోనే ఉన్నారు. అందుకని నిర్వాహకుల అనుమతితో వేరే విషయం మాట్లాడతాను. నిరుడు జూన్‌లో తొమ్మిదేళ్లుగా పని ఇస్తున్న ఒక అనువాద సంస్థతో నా ఒప్పందం ముగించుకున్నాను. కారణం రేటు. ఇందులో గిడుగు వారి మాట కూడా వస్తుంది, ఎలా వస్తుందో మీరే చూస్తారు.

ఆ సంస్థ పేరు చెప్పను, ఈ కథకు పేరు అవసరం లేదు. వాళ్లు బ్యాంకు ఫారాలు, మందుల పెట్టెల్లో పెట్టే కరపత్రాలు, ఆసుపత్రి సమ్మతి పత్రాలు పంపేవారు. నేను తెలుగు చేసి పంపేదాన్ని. ఇంగ్లిష్ మాటకు 1 రూపాయి 60 పైసలు. నెలకు సుమారు 20,000 మాటలు వచ్చేవి, అంటే 32,000 రూపాయలు. నా రాబడిలో సగానికి పైగా అదే.

మే నెలాఖరులో ఒక మెయిల్ వచ్చింది. మీ సేవలను గుర్తించి రేటును 1.75కి పెంచుతున్నాం, అన్ని భాషలకూ ఒకే పద్ధతి ఉండాలి కాబట్టి ఇకనుంచి టార్గెట్ మాటలను లెక్కిస్తాం, అని అందులో ఉంది. నేను మొదటి సగం చదివి సంతోషించాను, మా అమ్మకు కూడా చెప్పాను. రెండో సగం అర్థం కావడానికి ఆ సాయంత్రం పట్టింది.

సోర్స్ లెక్క అంటే ఇంగ్లిష్ మూలంలో ఎన్ని మాటలున్నాయో చూడటం. టార్గెట్ లెక్క అంటే మనం రాసిన తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడటం. మనకు ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఇంగ్లిష్‌లో ‘ఇన్ ద హౌస్’ మూడు మాటలు, తెలుగులో ‘ఇంట్లో’ ఒక్క మాట. వాళ్లు ‘ఐ విల్ కమ్’ అని మూడు మాటల్లో చెప్పేది మనకు ‘వస్తాను’. విభక్తి, పురుష, కాలం అన్నీ మాటకే అతుక్కుంటాయి. కంప్యూటర్ ఖాళీ చోటు చూసి మాట లెక్కిస్తుంది కాబట్టి మన ఖాతాలో పడేది ఒకటే. అర్థం మొత్తం చేరవేశాం, శ్రమా మొత్తం పడ్డాం, లెక్కలో మాత్రం తగ్గాం.

నోటి లెక్కతో నాకు తృప్తి కలగలేదు. అంతకుముందు నెల చేసిన మూడు పనులు తెరిచి రెండు వైపులా మాటలు లెక్కించాను. బ్యాంకు రుణ ఫారాలు ఇంగ్లిష్‌లో 4,100 మాటలు, నా తెలుగులో 2,990. మందుల కరపత్రాలు 3,300కి 2,310. ఆసుపత్రి పత్రాలు 2,600కి 1,900. మొత్తం 10,000 ఇంగ్లిష్ మాటలకు 7,200 తెలుగు మాటలు. పాత పద్ధతిలో ఈ పనికి 16,000 రూపాయలు. కొత్త పద్ధతిలో 7,200 ఇంటూ 1.75, అంటే 12,600. పెంపు అని వచ్చినది నిజానికి 21 శాతం కోత. పాత లెక్కలోకి మార్చి చూస్తే ఇంగ్లిష్ మాటకు 1 రూపాయి 26 పైసలు.

ఆ మెయిల్ రాసినవారు మోసం చేయాలనుకున్నారని నేను అనను. టార్గెట్ లెక్కలో మాటలు పెరిగే భాషలు ఉన్నాయి, వాటికి ఆ పద్ధతి లాభమే. అన్ని భాషలనూ ఒక గాటన కట్టినప్పుడు మన భాషకు ఏమవుతుందో ఎవరూ చూసి ఉండరు. అది చూపించవలసినది ఆ భాషలో పని చేసేవాళ్లమే. అందుకే మొదటి ఉత్తరంలో ఆ మూడు పనుల పట్టిక తప్ప ఏమీ పెట్టలేదు. కింద రెండే దారులు రాశాను. సోర్స్ లెక్క ఉంచితే 1.60 చాలు, పెంపు అక్కరలేదు. టార్గెట్ లెక్కే కావాలంటే 2.20 ఇవ్వండి. పైసా నష్టం లేకుండా ఉండాలంటే 2.22 కావాలి, నేను రెండు పైసలు వదులుకున్నాను.

ఆ ఉత్తరంలో ఇంకొక పేరా కూడా ఉంది. గిడుగు వారు వచ్చేది ఇక్కడే. టార్గెట్ లెక్క పెట్టిన రోజు నుంచి అనువాదకుడికి తెలుగు పాడుచేయడం లాభసాటి అవుతుంది. ‘సంతకం చేయాలి’ అంటే రెండు మాటలు. ‘సంతకం చేయవలసిన అవసరం ఉన్నది’ అంటే నాలుగు. ‘ఈ మాత్ర భోజనం తర్వాత వేసుకోండి’ అని రాసినవాడికి ఐదు మాటల డబ్బు. ‘ఈ మాత్రను భోజనం చేసిన తర్వాత మాత్రమే వేసుకోవలసి ఉంటుంది’ అని రాసినవాడికి ఎనిమిది మాటల డబ్బు. ఆ కరపత్రం చదివేది పాలకొండలోనో టెక్కలిలోనో బీపీ మందు కొనుక్కున్న ముసలావిడ. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వారు జనం మాట్లాడే తెలుగు కాగితం మీదికి రావాలని జీవితమంతా వాదించారు. సరళంగా రాసినవాడికి తక్కువ, సాగదీసినవాడికి ఎక్కువ ఇచ్చే లెక్క ఆ పనిని వెనక్కి తిప్పుతుంది. నాకు డబ్బు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. పద్ధతి మార్చలేమని, నా విషయంలో 1.85 ఇవ్వగలమని రాశారు. 7,200 మాటలకు 13,320. ఇంకా 17 శాతం తక్కువ, నెలకు 5,360 రూపాయల లోటు. ఇక మూడోసారి అడగలేదు. నా అనుభవంలో రెండో జవాబు వచ్చేసరికి అవతలివారి చేతిలో ఉన్నది తెలిసిపోతుంది. ఆ తర్వాత జరిగేది బేరం కాదు, మనసు నొప్పించుకోవడం.

ఒప్పందం బయటికి తీసి మళ్లీ చదివాను. ఏ పక్షమైనా 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి విరమించుకోవచ్చని ఉంది. చేతిలో రెండు పనులున్నాయి. వాటి పర్చేజ్ ఆర్డర్లు కొత్త రేటుకు ముందే, 1.60 సోర్స్ లెక్కతో వచ్చినవి. ఈ తేదీ చాలా ముఖ్యం. ఆర్డర్ ఏ రేటుతో వచ్చిందో ఆ పని ఆ రేటుకే పూర్తవుతుంది, మధ్యలో మారదు.

విరమణ ఉత్తరం మొదటి చిత్తు రాత్రి రాశాను. తొమ్మిదేళ్ల శ్రమకు ఇదేనా విలువ అనీ, పండగ రోజుల్లో కూడా పని చేశాననీ అందులో ఉంది. రాసినప్పుడు ప్రతి మాటా నిజమే. పొద్దున చదివితే ఆ మాటలు ఎవరికి చేరతాయో కనబడింది. మెయిల్ తెరిచేది నాకు పని పంపే కోఆర్డినేటర్. రేటు ఆవిడ నిర్ణయించలేదు. ఆవిడ దాన్ని పై అధికారికి, అకౌంట్స్ విభాగానికి పంపుతుంది. అకౌంట్స్ వారికి కావలసినది ఆఖరి తేదీ, పెండింగ్ పనులు, ఏ రేటు. నా బాధ మధ్యలో ఉంటే అవి వెతుక్కోవాలి. ఉత్తరం మళ్లీ రాశాను. పంపినది ఇది:

“మేడం గారికి నమస్కారం. జూన్ 2వ తేదీతో ఒప్పందం ప్రకారం 30 రోజుల గడువు ఇస్తున్నాను. జూలై 2 తర్వాత కొత్త పనులు తీసుకోను. కొత్త లెక్కింపు పద్ధతిలో నాకు ఈ పని కొనసాగించడం వీలు కాదు, వివరాలు మే నెల ఉత్తరంలో ఉన్నాయి. ఇప్పుడు నా దగ్గరున్న రెండు పనులు వాటి ఆర్డర్లలోని రేటుకే, అనుకున్న తేదీలకే అందజేస్తాను. పదకోశం తాజా ప్రతిని ఆఖరి పనితోపాటు పంపుతాను. సోర్స్ లెక్కతో పని ఉన్నప్పుడు నన్ను సంప్రదించవచ్చు. ఇన్నేళ్లూ సందేహాలకు ఓపికగా జవాబులు ఇచ్చినందుకు కృతజ్ఞతలు.”

అంతే. కారణం ఒక్క వాక్యం. కృతజ్ఞత కూడా ఊరికే రాసింది కాదు. ఆవిడ నిజంగానే ఓపికగా జవాబులిచ్చేది, దాన్ని పేరు పెట్టి చెప్పాను. “సోర్స్ లెక్కతో” అన్న మాట కూడా ఆలోచించి పెట్టినదే. నేను వెళ్లిపోతున్నది మనుషుల మీద కోపంతో కాదు, ఒక షరతు వల్ల. ఆ షరతు తీరితే దారి ఉందని వాళ్లకు తెలియాలి.

పదకోశం ఎందుకిచ్చావని చాలామంది అడిగారు. దానికి రెండు జవాబులు. ఒప్పందంలో పదకోశం, పాత అనువాద వాక్యాలను దాచిపెట్టే ట్రాన్స్‌లేషన్ మెమరీ సంస్థకే చెందుతాయని ఉంది, నేను సంతకం పెట్టాను. రెండోది, నా తర్వాత వచ్చే అనువాదకుడు ‘డోసేజ్’కు నేను తొమ్మిదేళ్లు వాడిన ‘మోతాదు’ బదులు ఇంకేదో వాడితే, అదే మందు వాడే మనిషి రెండు కరపత్రాల్లో రెండు మాటలు చూస్తాడు. నా తగవుకు ఆ మనిషి ఎందుకు ఇబ్బంది పడాలి? డబ్బు అందేదాకా పూర్తయిన ఫైలు ఆపి పెట్టమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. అలా చేస్తే గడువు తప్పినది నేను అవుతాను, అంతవరకు నా వైపున్న న్యాయం పోతుంది.

చివరి బిల్లు జూన్ 28న పంపాను. ఒప్పందం ప్రకారం 30 రోజుల్లో డబ్బు రావాలి, రాలేదు. జూలై 29న గుర్తు చేస్తూ రాసిన ఉత్తరంలో బిల్లు నంబరు, తేదీ, మొత్తం, గడువు తేదీ మాత్రమే ఉన్నాయి. రేటు తగవు ప్రస్తావన దానిలోకి రానివ్వలేదు. రెండూ కలిపితే రావలసిన బాకీ కూడా వాదనలో ఉన్న విషయంలా కనిపిస్తుంది. నాకు చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 ప్రకారం, నమోదైన మనకు రావలసిన డబ్బును ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులు మించి ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒంటరిగా ఇంట్లో కూర్చుని అనువాదం చేసే మనిషి కూడా ఈ నమోదు ఉచితంగా చేసుకోవచ్చు. కాని పని మొదలుపెట్టక ముందే చేసుకోండి. తగవు వచ్చాక చేసుకుంటే అది పాత బిల్లుకు వర్తిస్తుందా లేదా అన్న వాదన మొదలవుతుంది. నా ఉత్తరంలో ఆ చట్టం పేరెత్తలేదు, అవసరం రాలేదు. ఆగస్టు 8న, నలభై ఒకటో రోజున డబ్బు పడింది. అందులో 10 శాతం టీడీఎస్ పోయింది. అది నా పాన్ ఖాతాలో కనబడేదాకా ఆ ఫైలు మూయలేదు. నవంబరులో కనబడింది.

ఆ తర్వాతి నాలుగు నెలలు కష్టంగానే గడిచాయి. ఉత్తరం పంపే ముందు ఇంటి ఖర్చుకు ఐదు నెలల డబ్బు విడిగా ఉందో లేదో చూసుకున్నాను కాబట్టి నిలబడ్డాను. లేకపోతే ఆరు నెలలు 1.85కే చేస్తూ వేరే పని వెతుక్కునేదాన్ని, అందులో తప్పేమీ లేదు. అప్పుడు కూడా లెక్క మాత్రం తెలిసి ఒప్పుకోవాలి. పెంపు అనుకుని ఒప్పుకోకూడదు.

మీలో కొందరు తమ పాత ఫైళ్లు తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. భోజనాల తర్వాత ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. మూడు పనులు ఎంచుకోండి, రెండు వైపులా మాటలు లెక్కిద్దాం. మీ వంద ఇంగ్లిష్ మాటలకు ఎన్ని తెలుగు మాటలు వస్తున్నాయో ఇవాళే తెలుసుకుని ఇంటికి వెళ్లవచ్చు.