అమ్మమ్మ పుట్టినరోజుకి అందరి గొంతులూ ఒకే మెసేజ్‌లో: క్లిప్పులు కుట్టే పద్ధతి

[తెర మీద: ఫోన్‌లో వరసగా ఐదు ఆడియో క్లిప్పులు. ఒక్కోదాని నిడివి ఒక్కోలా ఉంటుంది.]

విదేశాల్లో ఉన్నవాళ్లందరినీ "అమ్మమ్మకి ఏదైనా ఒకటి మాట్లాడి పంపండి" అని అడిగారు. వాళ్లూ పంపారు. వాటిని వచ్చిన వరసలో ఒకదాని వెనక ఒకటి అతికిస్తే ఏమవుతుందో ముందు వినండి.

[శబ్దం: "హ్యాపీ బర్త్‌డే అమ్మా, ఆరోగ్యం జాగ్రత్త..." "హ్యాపీ బర్త్‌డే అత్తయ్య గారూ, ఆరోగ్యం జాగ్రత్త..." "హ్యాపీ బర్త్‌డే అమ్మమ్మా..."]

మూడో గొంతుకే వినేవాళ్లకి విసుగొస్తుంది. ఇది ఎడిటింగ్‌తో సరిచేయగలిగేది కాదు, అడిగేటప్పుడే చూసుకోవాల్సింది. ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడగండి. మావయ్యని "సైకిల్ నేర్పించింది అమ్మమ్మేనట కదా, ఆ రోజు ఏం జరిగింది?" అని, పిన్నిని "పరీక్షల ముందు రాత్రి నీతో పాటు కూర్చునేదట, ఏం మాట్లాడుకునేవాళ్లు?" అని. శుభాకాంక్షలు చివర్లో ఒక్కరే చెబుతారని అందరికీ ముందే చెప్పేయండి. అందరి చేతా విడివిడిగా పాట పాడించి కలపాలని మాత్రం చూడకండి. ఒకరి శృతి, వేగం ఇంకొకరితో కలవవు, అది పాటలా కాక గోలలా వినిపిస్తుంది.

రికార్డింగ్ గురించి రెండే మాటలు చెప్పండి: ఫ్యాన్, ఏసీ ఆపాలి. ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉండాలి.

[తెర మీద: ఐదు క్లిప్పుల పట్టిక. మావయ్య 1:40, పిన్ని 1:10, బాబాయ్ 0:35, చెల్లి 0:25, మావయ్య మనవడు 0:08]

ఒక ఉదాహరణ తీసుకుందాం. మావయ్య కారులో కూర్చుని మాట్లాడాడు, గొంతు పెద్దది. పిన్ని వీడియో పంపింది, మధ్యలో ఏడ్చింది. బాబాయ్‌ది ఏ లోపమూ లేని క్లిప్. చెల్లి ఫోన్ టేబుల్ మీద పెట్టి దూరం నుంచి గబగబా మాట్లాడింది. మూడేళ్ల పిల్లాడు రెండు ముక్కలు మాట్లాడి ఆగిపోయాడు, వెనక నుంచి వాళ్ల నాన్న "చెప్పు, చెప్పు" అంటున్నాడు.

ఇప్పుడు అమ్మమ్మ వైపు నుంచి ఆలోచిద్దాం. ఆమెకి మొహాలు కనపడవు, గొంతులే దిక్కు. పైగా వయసుతో తగ్గే వినికిడి అన్ని శబ్దాలకీ ఒకేలా తగ్గదు. సన్నని, పై స్థాయి శబ్దాలు ముందు పోతాయి. స, శ, త, క లాంటి హల్లుల్ని పోల్చుకునేది వాటితోనే. అందుకే పెద్దవాళ్లు "వినిపిస్తోంది గానీ ఏమంటున్నావో తెలియట్లేదు" అంటారు. సౌండ్ పెంచినంత మాత్రాన ఇది తీరదు. మాటల కింద సంగీతం పెడితే ఇంకా కష్టం, ఉన్న కాసిని హల్లుల్ని కూడా అది కప్పేస్తుంది. సంగీతం కావాలంటే మొదట్లో ఐదు సెకన్లు పెట్టి, మాట మొదలయ్యే లోపే పూర్తిగా ఆపేయండి.

[తెర మీద: Audacity. ఐదు ట్రాకులు ఒకదాని కింద ఒకటి.]

కంప్యూటర్లో ఆడియో ఎడిట్ చేయడానికి ఉచితంగా దొరికే Audacity సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. వీడియో గానీ .m4a ఫైల్ గానీ తెరుచుకోకపోతే FFmpeg లైబ్రరీ వేసుకోవాలి.

ముందు కత్తిరింపు. మావయ్య క్లిప్‌లో సైకిల్ కథ ఉన్న నలభై సెకన్లు ఉంచుదాం. కానీ ఒక్క మాట మాత్రం తీసేయకండి: మొదట్లో "అమ్మా" అన్న పిలుపు. కొడుకు "అమ్మా" అంటాడు, అల్లుడు "అత్తయ్య గారూ" అంటాడు, మనవరాలు "అమ్మమ్మా" అంటుంది, మునిమనవడు "తాతమ్మా" అంటాడు. ఎవరో పోల్చుకోవడానికి ఆమెకి దొరికే మొదటి ఆధారం అదే. కథ మధ్యలోంచి మొదలైనా సరే, పిలుపుని తెచ్చి దాని ముందు అతికించండి.

పిన్ని ఏడుపు తీసేయాలా? నా ఉద్దేశంలో తీయక్కర్లేదు, తగ్గిస్తే చాలు. గొంతు పూడుకుపోయిన క్షణం ఉంచి, ఆ తర్వాతి పది సెకన్ల ముక్కు ఎగబీల్చడం తీసేద్దాం. ఆ క్లిప్‌ని మాత్రం చివర పెట్టకండి. దాని వెంటనే పిల్లాడిని పెడితే అమ్మమ్మ నవ్వుతుంది. వెనక వాళ్ల నాన్న "చెప్పు" అనడం కూడా ఉండనివ్వండి, అమ్మమ్మకి తన మనవడి గొంతు కూడా వినిపిస్తుంది కదా.

[తెర మీద: Effect > Volume and Compression > Loudness Normalization]

తర్వాత గొంతుల స్థాయి సమం చేయడం. ఎక్కువ మంది Normalize వాడి, తేడా రాలేదేంటి అనుకుంటారు. అది క్లిప్‌లోని అతి పెద్ద శబ్దాన్ని చూసి లెక్క కడుతుంది. చెల్లి మధ్యలో ఒకసారి దగ్గితే ఆ దగ్గే కొలత అయిపోతుంది, మాటలు అలాగే నీరసంగా మిగులుతాయి. Loudness Normalization అయితే చెవికి మొత్తంగా ఎంత పెద్దగా వినిపిస్తుందో చూస్తుంది. దానికి కొలత LUFS. ఒక్కో క్లిప్‌ని విడిగా సెలెక్ట్ చేసి -16 LUFS ఇవ్వండి. ఆ తర్వాత దగ్గులాంటివి పగిలినట్టు వినిపిస్తే Limiter -1 dB దగ్గర పెట్టండి.

చెల్లి క్లిప్‌కి ఇంకో పని ఉంది. Change Tempo లో -10 శాతం ఇస్తే గొంతు మారకుండా వేగం తగ్గి, 25 సెకన్లు దాదాపు 28 అవుతాయి. అంతకంటే తగ్గిస్తే మాట సాగినట్టుంటుంది. దూరం నుంచి రికార్డ్ చేసినప్పుడు గదిలో మోగే ప్రతిధ్వనిని మాత్రం ఏ ఎఫెక్టూ బాగా తీయలేదు. అది ఎక్కువగా ఉంటే మళ్లీ పంపమని అడగడమే నయం.

[తెర మీద: క్లిప్పుల మధ్య ఖాళీలు. వాటిలో "లింకు" అని రాసి ఉంటుంది.]

ఇక లింకులు. ప్రతి క్లిప్ ముందూ ఎవరు మాట్లాడబోతున్నారో ఒకే గొంతు చెప్పాలి. అది అమ్మమ్మ రోజూ వినే గొంతు అయితే మేలు. మన ఉదాహరణకి ఇలా రాద్దాం:

"అమ్మమ్మా, నేనే. ఈ రోజు నీతో మాట్లాడ్డానికి ఐదుగురు వచ్చారు. ముందు పెద్దవాళ్లు. ఇదిగో, మావయ్య."

"ఇప్పుడు బాబాయ్. ఆయన ఎప్పటిలాగే తక్కువ మాట్లాడతాడు."

"ఇప్పుడు పిన్ని. పరీక్షల రోజుల సంగతి చెబుతుంది."

"ఇతన్ని గుర్తుపట్టు చూద్దాం. మావయ్య మనవడు, మూడేళ్లు."

"ఆఖరున చెల్లి. నిన్నొకటి అడుగుతుందట, జవాబు చెప్పాలి మరి."

లింకులో పేరు, బంధుత్వం, కావాలంటే ఒక చిన్న చమత్కారం. వాళ్లు చెప్పబోయే కథ ముందే చెప్పేయకూడదు. లింకు అయ్యాక ఒక సెకను ఆగాలి, క్లిప్ అయ్యాక సెకనున్నర. ఆ ఖాళీలో పూర్తి నిశ్శబ్దం పెడితే ఫోన్ ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ముఖ్యంగా మావయ్య కారు శబ్దం ఒక్కసారిగా తెగితే చెవికి గట్టిగా తగులుతుంది. అతని క్లిప్ చివర మాటలు లేని కారు శబ్దాన్ని అర సెకను ఉంచి Fade Out చేయండి.

చెల్లి "అమ్మమ్మా, నా వయసులో నువ్వేం చేసేదానివి?" అని అడిగి, అందరి తరఫునా శుభాకాంక్షలు చెబుతుంది. లింకులు, ఖాళీలు కలిపి మొత్తం మూడున్నర నిమిషాల దగ్గర తేలుతుంది. నాలుగు దాటితే మళ్లీ కత్తిరించండి.

[తెర మీద: బల్ల మీద ఫోన్, గదికి అటు చివర కుర్చీ.]

విని చూసేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసేయండి. వాటిలో అన్నీ బాగానే వినిపిస్తాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గది అటు చివర కూర్చుని, కుటుంబంతో సంబంధం లేని ఒకరికి వినిపించండి. ఎవరెవరు మాట్లాడారో, ఏం చెప్పారో వాళ్లు చెప్పగలిగితే పనైనట్టే. ఎక్కడ "ఏమన్నాడు?" అని అడిగారో అక్కడికి వెళ్లి, ఆ మాట ముందు చిన్న విరామం పెట్టండి, లేదా ఆ మాటే తీసేయండి.

తర్వాత MP3 గా, మోనోలో ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. కత్తిరించని అసలు క్లిప్పుల్ని వేరే ఫోల్డర్లో ఉంచుకోండి. మావయ్య మిగతా నిమిషంలో ఏం చెప్పాడని అమ్మమ్మ తప్పకుండా అడుగుతుంది.