వెంకటగిరి జాందానీ చీర: ముందు వెనక్కి తిప్పి చూడండి

(దృశ్యం: నెల్లూరులోని సంఘం అమ్మకాల కౌంటర్. బల్ల మీద లేత పసుపు నూలు చీర, సన్నటి జరీ అంచు. ఒక చెయ్యి పల్లూని వెనక్కి తిప్పుతుంది.)

నమస్కారం అండీ. ఇది మా చేనేత సహకార సంఘం నేతగాళ్ళు నేసిన వెంకటగిరి జాందానీ చీర. కొనేముందు దీన్ని ఇలా తిరగేసి చూడండి. ముందు ఎంత నీటుగా ఉందో వెనకా బుట్టా అంతే నీటుగా ఉంది కదా. ఒక బుట్టా నుంచి ఇంకో బుట్టాకి వేలాడే పోగు లేదు, కత్తిరించిన కొసలు గరగరమనడం లేదు. అదెలా వచ్చిందో చూద్దాం.

(దృశ్యం: గుంత మగ్గం. నేతగాడి వేళ్ళు దగ్గరగా.)

పడుగులో అడ్డంగా నాడె ఒకసారి వెళ్తే ఒక పేక పడుతుంది. అది పడ్డాక, బుట్టా ఉండాల్సిన చోట మాత్రమే కొన్ని పడుగు పోగుల్ని ఎత్తి, చిన్న కండెకి చుట్టిన రంగు నూలుని చేత్తో దూరుస్తారు. బుట్టా అంచు రాగానే ఆ నూలు అక్కడే వెనక్కి తిరుగుతుంది, పక్క బుట్టాకి పోదు. అందుకే వరసలో పది బుట్టాలుంటే పది కండెలు కావాలి. తర్వాత మళ్ళీ నాడె, మళ్ళీ వేళ్ళు. పల్లూలో పని ఎక్కువైతే మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. సాదా చీరకీ దీనికీ ధరలో తేడా చాలావరకు ఈ చేతిపనికే.

పేకతో పాటు బుట్టా నూలు కూడా ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా వెళ్ళిపోయే నేతలో, వెనక మిగిలిన పోగుల్ని కత్తిరించాలి. ఆ చీర చెడ్డదని కాదు. కానీ జాందానీ అని చెప్పి జాందానీ ధర అడిగితే మాత్రం వెనక చూడాల్సిందే.

(దృశ్యం: పాత వెంకటగిరి వీధి, బారుగా చాచిన పడుగు.)

ఈ పద్ధతికి పుట్టిల్లుగా చెప్పుకునేది ఢాకా. అక్కడి జాందానీ నేతని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర సన్నటి నూలుకి పేరు తెచ్చింది వెంకటగిరి. వెలుగోటి వారి సంస్థానం అండతో అక్కడ ఈ నేత పెరిగింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, అప్పటిదాకా అది మన నెల్లూరు జిల్లానే.

చీర ఇంత తేలిగ్గా ఉండటానికి కారణం నూలు. ఇందులో వాడింది వంద నంబరు నూలు. ఒక పౌను, అంటే 454 గ్రాముల నూలు తీస్తే దాదాపు 77 కిలోమీటర్ల పొడవు వస్తుంది. అంత సన్నటి పోగు మగ్గం మీద తెగకుండా ఉండాలని పడుగుకి గంజి పట్టిస్తారు. ఇంట్లో చీరని కాపాడుకోవడం కూడా ఆ గంజి దగ్గరే మొదలవుతుంది.

(దృశ్యం: దండెం మీద నీడలో ఆరుతున్న చీర.)

మే నెలలో నెల్లూరులో పెళ్లికి కట్టుకున్నారనుకోండి, చెమట తప్పదు. ఇంటికి రాగానే మడత పెట్టి బీరువాలో పెట్టకండి. చెమటలోని ఉప్పు జరీని నల్లబరుస్తుంది. సెంటు కూడా అంతే, చీర మీద నేరుగా కొట్టకండి. రాత్రికి ఫ్యాను కింద పరిచి ఆరనివ్వండి.

ఉతికేముందు లోపలి కుచ్చెళ్ళ మూలని తడిపి, తెల్లగుడ్డతో అద్దండి. గుడ్డకి రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. అంటకపోతే చల్లటి నీళ్ళలో కొంచెం మెత్తటి సబ్బు ద్రవం వేసి, విడిగా, చేత్తో ఉతకండి. నానబెట్టొద్దు, బ్రష్ వద్దు, పిండొద్దు. నీడలో ఆరేయండి.

కట్టుకునే ముందు పల్చటి గంజి పెట్టుకోవచ్చు. చీర నిలబడుతుంది. నెలల తరబడి దాచేటప్పుడు మాత్రం గంజి పూర్తిగా పోయేలా జాడించి దాచండి. ఎందుకంటే గంజి కోసం వచ్చే పురుగు నూలుని కూడా కొరుకుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో కట్టి పెట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి, ఒకే గీత మీద మడత ఉంటే జరీ అక్కడే తెగుతుంది. ఇస్త్రీ కూడా పైన పల్చటి నూలు గుడ్డ వేసి తక్కువ వేడిలో చేయండి.

(దృశ్యం: గాజుకి తగిలి పైకి లేచిన బుట్టా పోగు, సూది.)

గాజో ఉంగరమో తగిలి బుట్టాలో పోగు లేస్తే కత్తెర పెట్టకండి. కత్తిరిస్తే ఆ చోట అల్లిక వదులవుతుంది. సన్నటి సూదితో పోగుని మెల్లగా వెనక్కి లాగి, చుట్టూ బట్టని అడ్డంగా, నిలువుగా రెండుసార్లు సాగదీయండి, సర్దుకుంటుంది. పోగు తెగిపోయే ఉంటే చీర మా కౌంటరుకి తీసుకురండి. నేతగాళ్ళకి చూపిస్తాం.