సున్నా కిందికి దిగిన వడ్డీ: స్విట్జర్లాండ్ కథ

అందరికీ నమస్కారం. డబ్బు దాచుకున్నవాడే ఎదురు వడ్డీ కట్టడమేమిటని చాలామంది అడుగుతుంటారు. డెన్మార్క్, యూరో దేశాలు, స్వీడన్, జపాన్ కూడా ఈ దారి పట్టాయి. కానీ దీని అసలు ఉద్దేశం స్విట్జర్లాండ్‌లో బాగా తెలుస్తుంది కాబట్టి ఇవాళ ఆ ఒక్క దేశం గురించే మాట్లాడతాను.

యూరోకు గడ్డుకాలం వచ్చినప్పుడల్లా ప్రపంచ పెట్టుబడిదారులు స్విస్ ఫ్రాంకుల్లోకి పరుగెడతారు. దాంతో ఫ్రాంకు విలువ పెరిగిపోతుంది. అక్కడి ఎగుమతులకు గిరాకీ తగ్గుతుంది. దిగుమతులు చవకై ధరలు పడిపోతాయి. అందుకే 2011 సెప్టెంబరులో అక్కడి సెంట్రల్ బ్యాంకైన స్విస్ నేషనల్ బ్యాంక్ ఒక యూరో 1.20 ఫ్రాంకుల కంటే దిగకుండా గీత గీసింది. ఆ గీత నిలబెట్టడానికి యూరోలు కొంటూ పోవాలి. 2015 జనవరి 15న ఉన్నట్టుండి ఆ ప్రయత్నం మానేసి, బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బు మీద వడ్డీని మైనస్ 0.75 శాతానికి దించింది. ఆ రోజు మార్కెట్లలో టెన్షన్ అంతా ఇంతా కాదు. యూరో ఒక ఫ్రాంకు కంటే కూడా కిందికి పడింది. ఇక మిగిలిన ఆయుధాల్లో ముఖ్యమైనది వడ్డీయే: ఫ్రాంకుల్లో డబ్బు దాచేవాడికి నష్టం కనిపించాలి.

లెక్క చూద్దాం. కొంత మొత్తం వరకు బ్యాంకులకు ఈ మైనస్ వడ్డీ నుంచి మినహాయింపు ఉండేది. ఆ పరిమితి దాటి ఒక బ్యాంకుకు సెంట్రల్ బ్యాంకులో 10 కోట్ల ఫ్రాంకులు ఉన్నాయనుకోండి. ఏడాదికి 7.5 లక్షలు పోతాయి. ఇది ఒకరకంగా లాకరు అద్దె. మొదట్లో ఆ పరిమితి, బ్యాంకు ఉంచాల్సిన కనీస నిల్వకు 20 రెట్లు. అంటే పరిమితి దాటిన డబ్బుకే దెబ్బ, మొత్తానికి కాదు. బ్యాంకుల లాభాలు తుడిచిపెట్టుకుపోకుండా ఈ ఏర్పాటు.

మరి అంత డబ్బునూ నోట్లుగా తీసుకుపోతే? అక్కడ 1,000 ఫ్రాంకుల నోటు ఉంది. 10 కోట్లంటే లక్ష నోట్లు, ఒక బీరువాలో పట్టేస్తాయి! ఈ సంగతి సెంట్రల్ బ్యాంకుకూ తెలుసు. అందుకే బ్యాంకు దగ్గర నగదు ఎంత పెరిగితే అంత మేర దాని మినహాయింపు తగ్గేలా నియమం పెట్టింది. నాకు ఈ విధానంలో అన్నిటికంటే తెలివైన పని ఇదే అనిపిస్తుంది. అయినా వడ్డీని ఇంకా లోతుకు దించి ఉంటే, భద్రత, బీమా, రవాణా ఖర్చులు భరించి మరీ నగదు దాచేవాళ్లు పెరిగేవాళ్లు. వడ్డీ దిగడానికి ఒక అట్టడుగు సున్నా దగ్గర లేదు గానీ, ఉండడం మాత్రం ఉంది.

మామూలు ఖాతాదారుల మీద ఈ భారం వేయడానికి చాలా బ్యాంకులు జంకాయి. డిపాజిట్లు బయటికి పోతాయని భయం. దాంతో అప్పుల మీద వచ్చే వడ్డీకీ, డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీకీ మధ్య బ్యాంకులకు మిగిలే తేడా సన్నబడింది. పెద్ద మొత్తాలున్న సంస్థలకూ, ఆ తర్వాత కొందరు సంపన్నులకూ మాత్రం బిల్లు వెళ్లింది.

2022లో ధరలు పెరగడంతో కథ తిరగబడింది. దిగుమతుల ధరలు అదుపులో ఉండాలంటే ఇప్పుడు బలమైన ఫ్రాంకే మేలు. ఆ సెప్టెంబరులో వడ్డీ మళ్లీ సున్నా దాటింది. 2025 జూన్‌లో దాన్ని తిరిగి సున్నాకే తెచ్చారు, అదీ ధరల పెరుగుదల దాదాపు ఆగిపోయి, ఫ్రాంకు మళ్లీ బలపడ్డాక.