మొదటి ఫోటో హాలుదే ఎందుకు, మిగతావి ఏ వరుసలో

అందరికీ నమస్కారం. ఇక్కడ ఏజెంట్లూ ఉన్నారు, మధ్యలో ఎవరూ లేకుండా సొంతంగా అమ్ముకుందామనుకునే ఓనర్లూ ఉన్నారు. ఫోటోలు ఎలా తీయాలో ఈ రోజు చెప్పను, అది వేరే గొడవ. తీసిన ఫోటోలు ఫోన్లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో లిస్టింగ్ పెట్టాలి, ఏది ముందు పెట్టాలి, మిగతావి ఏ వరుసలో రావాలి, అంతవరకే మాట్లాడుకుందాం. అది కూడా ఒక ఇల్లు పట్టుకుని చెబుతాను, లేకపోతే అన్నీ గాల్లో మాటలవుతాయి.

నిజాంపేటలో ఒక స్టాండలోన్ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, 1150 చదరపు అడుగుల 2 బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, హాలుకి ఉత్తరం వైపు బాల్కనీ. ఓనర్ గారు 23 ఫోటోలు పెట్టారు. మొదటిది రోడ్డు మీద నుంచి తీసిన బిల్డింగు, ముందు కరెంటు తీగలు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్. తర్వాత పార్కింగ్, లిఫ్టు, తాళం వేసిన మెయిన్ డోరు, ఉన్నట్టుండి బాత్రూమ్, ఆ తర్వాత ఎక్కడో హాలు, రెండు మూలల నుంచి తీసిన ఒకే బెడ్‌రూమ్, మళ్లీ పార్కింగ్. గ్యాలరీలో ఎలా ఉంటే అలా ఎక్కించేశారన్నమాట.

ముందు కవర్ ఫోటో సంగతి చూద్దాం. కొనేవాళ్లు నిజాంపేట అని కొట్టి వెతికితే ఒకదాని కింద ఒకటి వరసగా ఇళ్లు వస్తాయి, ఒక్కోదానికి చిన్న బొమ్మ, పక్కనో కిందో ఎన్ని బెడ్‌రూములు, ఎన్ని అడుగులు, రేటు, ఏరియా పేరు. ఇవన్నీ అక్షరాల్లో ఉన్నప్పుడు ఇది ఒక అపార్ట్‌మెంటు అని ఫోటో మళ్లీ చెప్పక్కర్లేదు కదా. అక్షరాల్లో రానిదేంటి? లోపల వెలుతురు ఎంత, హాలు ఇరుగ్గా ఉందా విశాలంగా ఉందా, ఇల్లు ఎలా వాడారు. ఈ మూడూ ఒకే ఫోటోలో తెలిసేది దాదాపు ఎప్పుడూ హాలే. పైగా ఆ ఏరియాలో ఐదంతస్తుల స్టాండలోన్ బిల్డింగులన్నీ బయటి నుంచి ఒకేలా ఉంటాయి. మీ ఎలివేషన్ పక్కన ఇంకో పది ఎలివేషన్లు ఉంటే వేలు ఎక్కడా ఆగదు.

ఆ ఇంటికి హాలు ఫోటోలు నాలుగున్నాయి. టీవీ యూనిట్‌కి ఎదురుగా నిలబడి తీసింది ఓనర్‌కి బాగా ఇష్టం, దానికి ఆయన చాలా ఖర్చు పెట్టారు మరి. కానీ అందులో కనిపించేది గోడ, గది ఎంతుందో తెలియదు. ఇంకోటి మెయిన్ డోరు పక్క మూల నుంచి బాల్కనీ వైపు చూస్తూ తీసింది, నేల చాలా దూరం కనిపిస్తుంది, చివర వెలుతురు. అదే పెట్టాం. మిగతా రెండూ ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినవి, వాటిని చూడగానే పక్కన పెట్టేశాం. నిలువు ఫోటో కవర్‌గా పెడితే సైటు పైనా కిందా కోసేస్తుంది, లేదా రెండు పక్కలా ఖాళీ పట్టీలు వస్తాయి. అడ్డంగా తీసినదైనా ఒక సైటు చతురస్రంగా కోస్తుంది, ఇంకోటి వెడల్పుగా కోస్తుంది, కాబట్టి ముఖ్యమైనది నడిమధ్యన ఉండాలి. బాల్కనీ ఆ ఫోటోకి ఓ అంచున ఉంటే కోతలో పోయి, మిగిలేది సోఫా వీపే. ఫోన్ని చేతికందినంత దూరం పెట్టి బొటనవేలి గోరంత సైజులో చూడండి, అప్పటికీ అది హాలని తెలిస్తే పనికొస్తుంది.

హాలే ఎప్పుడూ ముందుండాలా అంటే, కాదు. ఇండిపెండెంట్ హౌస్ అయితే ఎలివేషనే ముందు, ఎందుకంటే అక్కడ కొనేది స్థలం, గేటు, ముందున్న రోడ్డు కూడా. అద్దెకైతే వంటగదినీ, కబోర్డ్‌లు ఉన్న బెడ్‌రూమునీ పైకి తెస్తాను. గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు స్విమ్మింగ్ పూల్ ముందు పెడతారు, నాకు అది అస్సలు నచ్చదు. ఆ ప్రాజెక్టు పేరుతో వెతికేవాడికి అందరిదీ అదే పూల్, మీ ఫ్లాట్ ఏదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు వరుస. అసలు పని ఇక్కడే ఉంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఎలా నడుస్తారో ఫోటోలు అలా నడవాలి. కవర్ తర్వాత మెయిన్ డోరు తెరిచి ఉన్న ఫోటో, మనవాళ్లు గడపా దిక్కూ చూసుకోకుండా ముందుకు కదలరు కాబట్టి అది రెండోదిగా పెట్టాం. తర్వాత హాల్లోంచి డైనింగ్, డైనింగ్ నుంచి పూజ గది, వంటగది, దాని వెనక వాష్ ఏరియా, వెనక్కి వచ్చి మాస్టర్ బెడ్‌రూమ్, దాని బాత్రూమ్, రెండో బెడ్‌రూమ్, చివర బాల్కనీ. బిల్డింగు, పార్కింగ్ చిట్టచివర. మొత్తం 12 ఫోటోలు మిగిలాయి.

ఇందులో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఒక ఫోటోకీ తర్వాతదానికీ మధ్య ఒక అతుకు కావాలి. డైనింగ్ ఫోటోలు రెండున్నాయనుకోండి, ఒకటి టేబుల్ అందంగా వచ్చింది, ఇంకోదాంట్లో అంచున వంటగది తలుపు కనిపిస్తోంది. నేను రెండోదే తీసుకుంటాను. తర్వాతి ఫోటో ఆ తలుపు లోపలిది అయినప్పుడు చూసేవాడి బుర్రలో ప్లాన్ దానంతటదే గీసుకుంటుంది. అమెరికాలో కూర్చుని చూసి, ఇక్కడున్న అమ్మానాన్నలని చూసి రమ్మని పంపేవాళ్లకి ఇది మరీ అవసరం. ఫ్లోర్ ప్లాన్ ఉంటే, సైటులో దానికి విడిగా చోటు లేకపోతే, వంటగది తర్వాత పెట్టండి, ఉత్తరం గుర్తు తప్పకుండా కనబడాలి.

ఒకే బెడ్‌రూమ్ రెండు మూలల నుంచి తీసిన ఫోటోలు విడివిడిగా వస్తే రెండు గదులనుకుంటారు, తీరా వచ్చాక లెక్క తప్పుతుంది. ఒకటే ఉంచండి, రెండూ కావాలంటే పక్కపక్కనే పెట్టండి.

ఆ ఇంట్లో రెండో బెడ్‌రూమ్ కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడే. ఓనర్ ఆ ఫోటో తీసేద్దామన్నారు, నేను వద్దన్నాను. 2 బీహెచ్‌కే అని రాసి ఒక్క బెడ్‌రూమే చూపిస్తే రెండోదాంట్లో ఏదో ఉందని చాలామందికి అనుమానం వస్తుంది, ఆ అనుమానం రానివాళ్లు ఇంటికొచ్చి ఆ కిటికీ చూసి మొహం మాడ్చుకుని వెళ్తారు, మీ ఆదివారం పోతుంది. దాన్ని మాస్టర్ బెడ్‌రూమ్ తర్వాత, బాల్కనీకి ముందు పెట్టాం. మొదటి ఐదులో వద్దు, ఆఖరున కూడా వద్దు. అలాగే 0.5x లో తీసిన ఫోటోలు, గోడలు వంగి, గది రైలు పెట్టెలా సాగిపోయినవి, ఎక్కడా వద్దు. ఆ సైజు ఊహించుకుని వచ్చినవాడికి అసలు గది ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది.

ఎక్కించాక ఇంకో ఫోన్లో, లాగిన్ కాకుండా తెరిచి చూడండి. కొన్ని సైట్లు ముందు ఎక్కినదాన్నే కవర్ చేసేస్తాయి, గదుల పేర్లు పెడితే ఆ పేర్ల ప్రకారం వరుస మార్చేస్తాయి. తర్వాత, ఆ ఇల్లు చూడని మనిషికి ఫోన్ ఇచ్చి ఫోటోలన్నీ జరిపించి, వంటగది ఎటుందో చెప్పమనండి. తడబడ్డ చోట అతుకు ఊడిందన్నమాట.

వ్యూస్ లెక్క కనిపిస్తే అదీ గమనించండి. అదే ఏరియాలో అదే రేటుకి మీరే పెట్టిన ఇంకో ఇల్లు ఉంటే పోల్చుకోవడం తేలిక. తెరిచేవాళ్లే తక్కువైతే కవర్ మార్చండి, అదొక్కటే మార్చి ఓ వారం ఆగండి. తెరుస్తున్నారు కానీ ఫోన్లు రావట్లేదంటే కవర్ జోలికి పోవద్దు, లోపలి వరుస చూడండి. అదీ బాగానే ఉంటే, చెప్పడానికి మొహమాటంగా ఉంది కానీ, రేటు చూడండి. ఇక ప్రశ్నలు అడగండి, లిస్టింగులు ఉన్నవాళ్లు ఫోన్ పట్టుకుని ముందుకు రండి.